ఒక్క కేక్ ఆర్డర్, 30 సెకన్లు: బ్యాటర్ నుంచి డెలివరీ దాకా ఫోన్‌తో తీసే రీల్‌కి స్క్రిప్ట్ ఇలా రాయండి

ఇంటి దగ్గర కేకులు చేసి అమ్మేవాళ్ల రీల్స్ చాలావరకు ఒకేలా ఉంటాయి. క్రీమ్ తిరుగుతూ ఉంటుంది, వెనకాల పాట వస్తుంటుంది, చివర్లో కేక్ చుట్టూ కెమెరా ఒక రౌండ్ వేస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆర్డర్ ఇవ్వాలనుకునేవాళ్ల మనసులో ఉన్న ప్రశ్నకి అందులో జవాబు ఉండదు. కేక్ అందంగా ఉందా లేదా అన్నది ఒక ఫొటో చూస్తే తెలిసిపోతుంది. "మా ఇంటిదాకా పాడవకుండా వస్తుందా? టైముకి వస్తుందా? పేరు కరెక్ట్‌గా రాస్తారా?" అన్నవి మాత్రం ఫొటోలో కనపడవు. వీడియో పని అక్కడే మొదలవుతుంది.

మా వదిన దేవరాపల్లిలో ఇంట్లోనే కేకులు చేస్తుంది. ఊళ్లో ఆర్డర్లకి ఇబ్బంది లేదు, వాళ్లే వచ్చి తీసుకెళ్తారు. చోడవరం వైపు నుంచి అడిగేవాళ్లు మాత్రం రేటు కన్నా ముందు "ఇంత దూరం ఎలా తెస్తారు?" అని అడుగుతారు. స్కూటీ మీద ముప్పావు గంట దారి, పైగా ఎండ. అందుకే ఒక ఆదివారం చోడవరం వెళ్లాల్సిన ఒక్క ఆర్డర్‌ని మొదటి నుంచి చివరిదాకా ఫోన్‌లో తీసి, 30 సెకన్లకి కుదించాం. ఆ స్క్రిప్ట్ ఎలా రాశామో, ఒక్కో షాట్‌కి ఫోన్‌లో ఏం మార్చామో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చెప్తాను. ఖరీదైన ఫోన్ అవసరం లేదు. 1080pలో 60fps తీయగలిగే మామూలు ఫోన్, ఒక చిన్న ట్రైపాడ్ చాలు.

30 సెకన్లే ఎందుకు?

వాట్సాప్ స్టేటస్‌లో వీడియో చాలా ఏళ్లు 30 సెకన్ల దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు ఆ లిమిట్ పెరిగింది. అయినా స్టేటస్‌లు వరసగా నొక్కుకుంటూ వెళ్లే అలవాటు మారలేదు. దేవరాపల్లి లాంటి చోట ఆర్డర్లు ఎక్కువగా వచ్చేది స్టేటస్ నుంచే. ఒకరు చూసి ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తారు. అదే వీడియో ఇన్‌స్టాగ్రామ్ రీల్‌గా కూడా పనికొస్తుంది. కాబట్టి నిలువు ఫ్రేమ్, 30 సెకన్లు, ఒకే ఫైల్.

సెకన్లు పంచేది పనిని బట్టి కాదు, కొనేవాళ్ల భయాన్ని బట్టి

వదిన ముందే కాగితం మీద ఒక వరస రాసిపెట్టింది. గుడ్లు కొట్టడం, మైదా జల్లించడం, కోకో పౌడర్ కలపడం, ఓవెన్ వేడి చేయడం, ఇలా మొత్తం 14 షాట్లు. డెలివరీకి మిగిలింది ఒక్కటే, చివర్లో బాక్స్ ఫొటో. 30 సెకన్లలో 14 షాట్లంటే ఒక్కోదానికి రెండు సెకన్ల చొప్పున వస్తుంది. ఏదీ కంటికి ఆనదు. అసలు ఇబ్బంది అది కూడా కాదు. గుడ్లు ఎలా కొడతారో అని చోడవరంలో ఎవరూ భయపడటం లేదు.

అందుకే లెక్క తిరగేశాం. ఆర్డర్ ఇచ్చేవాళ్ల భయాలు మూడే: కేక్ జారిపోవడం, పేరు తప్పు పడటం, దారిలో నలిగిపోవడం. ఈ మూడింటికీ జవాబు చెప్పే షాట్లకి నాలుగేసి సెకన్లు ఇచ్చాం. మిగతావన్నీ రెండు మూడు సెకన్లలో దాటేశాం. "నలభై నిమిషాలు ఓవెన్ దగ్గర నిలబడతానురా, దానికి రెండు సెకన్లేనేటి?" అంది వదిన. అవును, రెండే. ఓవెన్ గురించి అడిగిన కస్టమర్ ఒక్కరైనా ఉన్నారా అంటే ఆమే నవ్వేసింది.

ఇంకో రూల్ కూడా ముందే పెట్టుకున్నాం. మొదటి షాట్ నుంచి చివరి షాట్ దాకా కనపడేది ఒకే కేక్. పోయిన వారం తీసిన అందమైన క్రీమ్ షాట్ మధ్యలో అతికిస్తే పని తేలికవుతుంది, నిజమే. కానీ బోర్డు రంగు మారినా, క్రీమ్ గీతలు మారినా చూసేవాళ్లకి ఎక్కడో తేడా కొడుతుంది. "ఇదే కేక్ అక్కడిదాకా వెళ్లింది" అన్నదే ఈ రీల్‌లో ఉన్న ఒకే ఒక్క మాట. అది పోతే వీడియోలో ఇంకేం మిగలదు.

ముందు కేక్ టైమ్‌టేబుల్, తర్వాత షూటింగ్

ఒకే కేక్ అన్నాం కాబట్టి బ్యాటర్ టిన్‌లో పోయడం ఒక్కసారే జరుగుతుంది. పేరు రాయడం ఒక్కసారే. బాక్స్ తెరవడం కూడా ఒక్కసారే. రీటేక్ లేదు. కాబట్టి కేక్ ఏ టైమ్‌కి ఏ స్టేజ్‌లో ఉంటుందో రాసుకున్నాకే స్క్రిప్ట్ రాయాలి.

ఆర్డర్ ఇది: ఒక కేజీ చాక్లెట్ స్పాంజ్, బయట తెల్ల క్రీమ్, మీద గోధుమ రంగులో 'చిట్టి' అన్న పేరు. ఆదివారం సాయంత్రం 5 గంటలకి చోడవరంలో ఇవ్వాలి. దానికి వెనక్కి లెక్కేసుకుంటూ వెళ్లాం. శనివారం సాయంత్రం 4 గంటలకి, కిటికీ వెలుతురు ఉండగానే బ్యాటర్. తర్వాత ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర సుమారు నలభై నిమిషాలు. స్పాంజ్ పూర్తిగా చల్లారాక చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో. ఆదివారం పొద్దున్న 8 గంటలకి, వంటగది ఇంకా వేడెక్కకముందే క్రీమ్, పేరు. మళ్లీ ఫ్రిజ్‌లో. మధ్యాహ్నం మూడున్నరకి బాక్స్. 4 గంటలకి బయల్దేరడం.

కస్టమర్ పర్మిషన్ కూడా ముందే అడగాలి. పిల్లల పేరు వీడియోలో పెట్టొచ్చా, గుమ్మం దగ్గర తీయొచ్చా అని అడిగాం. పేరు ఓకే, మనుషుల ముఖాలు వద్దన్నారు. కాబట్టి చివరి షాట్‌లో చేతులు మాత్రమే అని స్క్రిప్ట్‌లోనే రాసుకున్నాం.

ఇదిగో పూర్తి స్క్రిప్ట్

| సెకన్లు | ఫ్రేమ్‌లో కనపడేది | వినపడేది |
|---|---|---|
| 0–3 | మూసిన బాక్స్‌ని స్కూటీ ఫుట్‌బోర్డు మీద పెడుతున్న చేతులు. స్క్రీన్ మీద: పాడవకుండా వెళ్తుందా? | "దేవరాపల్లి నుంచి చోడవరం. స్కూటీ మీద కేక్." |
| 3–6 | బ్యాటర్ టిన్‌లోకి రిబ్బన్‌లా జారుతోంది | "శనివారం సాయంత్రం పిండి కలిపాను." |
| 6–8 | టిన్ ఓవెన్‌లోకి, అదే యాంగిల్‌లో పొంగిన స్పాంజ్ బయటికి | ఓవెన్ తలుపు చప్పుడు |
| 8–12 | చల్లని స్పాంజ్ మీద సిరప్, క్రీమ్, రెండో లేయర్ | "పూర్తిగా చల్లారాకే క్రీమ్ పెడతాను. లేదంటే జారిపోతుంది." |
| 12–16 | టర్న్‌టేబుల్ తిరుగుతుంటే పక్కలు నున్నగా అవుతున్నాయి | స్క్రేపర్ చప్పుడు మాత్రమే |
| 16–20 | పైపింగ్ బ్యాగ్‌తో 'చిట్టి' రాయడం | "పేరు మీరు పంపినట్టే, అక్షరం అక్షరం చూసుకుని." |
| 20–22 | కేక్ బాక్స్‌లోకి, మూత పడుతుంది | టేప్ చప్పుడు |
| 22–26 | ఫుట్‌బోర్డు మీద బాక్స్, తర్వాత చెరుకు తోటల పక్కన వెళ్తున్న స్కూటీ | "ముప్పావు గంట దారి. బాక్స్ కాళ్ల దగ్గర, కదలకుండా." |
| 26–30 | గుమ్మం దగ్గర బాక్స్ తెరుచుకుంటుంది, కేక్ అలాగే ఉంది | "ఇదిగో. మీ ఆర్డర్ రెండు రోజుల ముందు చెప్పండి." |

మొదటి షాట్‌లో బాక్స్ మూసే ఉంది, గమనించండి. కేక్ చూపించేస్తే చివరిదాకా ఆగాల్సిన పని ఉండదు. మూసిన బాక్స్, స్కూటీ, ఒక ప్రశ్న. జవాబు 26వ సెకనులో వస్తుంది. మధ్యలో ఉన్న ప్రతి షాట్ ఆ జవాబు కోసం జరిగిన పనే.

షాట్ల వారీగా ఫోన్‌లో ఏం మార్చాలి

*బ్యాటర్:* టిన్‌లోకి పోయడం త్వరగా అయిపోతుంది, అందులో బాగా కనిపించే భాగం ఒకటిన్నర సెకనే ఉంటుంది. దాన్ని మూడు సెకన్లు చేయాలి కాబట్టి ఈ ఒక్క షాట్‌ని 60fpsలో తీశాం. 30fps టైమ్‌లైన్‌లో సగం స్పీడ్‌కి తగ్గిస్తే కుదుపు లేకుండా సాగుతుంది. 120fps, 240fps స్లో మోషన్ వద్దు. ఒక్కో ఫ్రేమ్‌కి వెలుతురు తక్కువ పడి వంటగదిలో వీడియో చీకటిగా, చుక్కలు చుక్కలుగా వస్తుంది.

లైట్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి. మన కంటికి తెలియదు, ఫోన్‌కి తెలుస్తుంది. స్క్రీన్ మీద అడ్డంగా నల్లటి చారలు పాకుతున్నట్టు కనిపిస్తే కారణం అదే. కిటికీ వెలుతురులో లైట్లు ఆపేసి తీస్తే సమస్యే ఉండదు. లైట్ తప్పనిసరి అయితే ప్రో వీడియో మోడ్‌లో షటర్ స్పీడ్ 1/100 పెట్టండి. 30fps అయితే 1/50 కూడా పనిచేస్తుంది. ప్రో మోడ్ లేని ఫోన్లలో కొన్నింటికి కెమెరా సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ ఆప్షన్ ఉంటుంది, అందులో 50Hz ఎంచుకోండి. రికార్డ్ నొక్కకముందే ఒకసారి స్క్రీన్ చూసుకుంటే చారలు ఉన్నాయో లేదో తెలిసిపోతుంది.

*ఓవెన్:* అద్దం లోంచి కేక్ పొంగడం టైమ్ ల్యాప్స్ తీయాలని అందరికీ ఉంటుంది. చాలా ఇళ్లలో ఉండే ఓటీజీ అద్దం వెనక వెలుతురు సరిపోదు, మన ప్రతిబింబమే కనపడుతుంది. పైగా నలభై నిమిషాలు ఫోన్ వేడి పక్కన ఉండాలి. దానికన్నా ట్రైపాడ్‌ని ఒకచోట పెట్టి కాళ్ల దగ్గర నేల మీద టేప్ ముక్కలు అంటించండి. టిన్ లోపలికి వెళ్లేటప్పుడు ఒక సెకను తీసి ఫోన్ పక్కన పెట్టేయండి. బయటికి తీసేటప్పుడు అదే గుర్తుల మీద ట్రైపాడ్ పెట్టి ఇంకో సెకను. రెండూ కలిపితే ఒక్క క్షణంలో కేక్ పొంగినట్టు కనిపిస్తుంది. తలుపు తెరవగానే వచ్చే ఆవిరి లెన్స్ మీద పొగమంచులా పడుతుంది. ఓవెన్‌కి ఒక మూర దూరంలో ఉండి కొంచెం జూమ్ వాడటం మంచిది.

*క్రీమ్:* ఫోన్లు చేసే ఒక పొరపాటు ఇక్కడ బయటపడుతుంది. ఆటో ఎక్స్‌పోజర్ ప్రతి సీన్‌నీ మధ్యస్థమైన వెలుగుకి తేవాలని చూస్తుంది. ఫ్రేమ్ నిండా తెల్ల క్రీమ్ ఉంటే దాన్ని బూడిద రంగులోకి దించుతుంది. ఫ్రేమ్ నిండా నల్లటి చాక్లెట్ బ్యాటర్ ఉంటే దాన్ని వెలిసిపోయినట్టు చేస్తుంది. చెయ్యి ఫ్రేమ్‌లోకి వచ్చి వెళ్లిన ప్రతిసారీ వెలుగు ఊగుతుంది. అందుకే కేక్ మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. ఐఫోన్‌లో అయితే పైన `AE/AF LOCK` అని కనిపిస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం గుర్తు వస్తుంది. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని జరుపుతూ, క్రీమ్ తెల్లగా ఉండి గీతలు కూడా కనపడే చోట ఆపండి. బ్యాటర్ షాట్‌కి వేరే లాక్, క్రీమ్ షాట్‌కి వేరే లాక్.

ఇక్కడ కేక్ సంగతి కూడా కెమెరా అంత ముఖ్యం. స్పాంజ్‌లో వేడి మిగిలి ఉంటే క్రీమ్ కింది నుంచి కరిగి పై లేయర్ మెల్లగా పక్కకి జరుగుతుంది. పైన చల్లగా తగిలినా నడుమ వేడి ఉండొచ్చు, అందుకే వదిన రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే చేస్తుంది. వాయిస్‌లో "లేదంటే జారిపోతుంది" అన్న మాట పెట్టింది అందుకే. కేక్ అంత దూరం ఎందుకు నిలబడుతుందో అందులో ఉంది. కెమెరా కోసం క్రీమ్‌ని బయట ఎక్కువసేపు ఉంచితే అది మెత్తబడిపోతుంది. యాంగిల్, లాక్ అన్నీ ఖాళీ టర్న్‌టేబుల్ మీద తెల్ల గిన్నె బోర్లించి సెట్ చేసుకున్నాకే కేక్ ఫ్రిజ్ లోంచి బయటికి రావాలి. ఇంకో మాట, ఫోన్ ముట్టుకున్న చేతులతో కేక్ ముట్టుకోకూడదు. రికార్డ్ బటన్ నొక్కే మనిషి వేరేగా ఉండాలి, ఆ రోజు అది నా పని.

*పేరు:* కస్టమర్ పేరుని వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో పంపారు, `Chitti` అని. అది చిట్టి కావొచ్చు, చిట్టీ కావొచ్చు. అందుకే వదిన తెలుగులో టైప్ చేసి పంపి "ఇదేనా?" అని అడిగింది. ఈ అలవాటు వల్లే వాయిస్‌లో "మీరు పంపినట్టే" అని ధైర్యంగా చెప్పగలిగాం. తెలుగులో రాసేటప్పుడు పైన గుడికి, కింద ట వత్తుకి చోటు వదలాలి. లైన్ మధ్యలోంచి మొదలుపెడితే వత్తు కేక్ అంచు మీదికి పోతుంది. ముందు క్రీమ్ మీద టూత్‌పిక్‌తో సన్నగా గీసుకుని, దాని మీద సన్న గుండ్రని నాజిల్‌తో రాయాలి.

కెమెరా రాసేవాళ్ల భుజం వెనక, కొంచెం పైన ఉండాలి. ఎదురుగా పెడితే అక్షరాలు తలకిందులుగా వస్తాయి. సెల్ఫీ కెమెరా వాడితే కొన్ని ఫోన్లు అద్దంలోలా తిప్పేస్తాయి, కాబట్టి వెనక కెమెరానే వాడండి. పేరు మొత్తం నాలుగు సెకన్లలో పట్టదు. 'చి' మొదలైన దగ్గర ఒక సెకను, ట వత్తు పడే దగ్గర రెండు సెకన్లు, పూర్తయిన పేరు మీద ఒక సెకను ఉంచి మిగతాది కట్ చేశాం. ఆ ఆఖరి సెకను తీసేయకండి. చూసేవాళ్లు పేరు చదువుకోవాలి కదా.

*దారి:* బాక్స్ కదలకుండా ఉండటానికి మూడు పనులు చేశాం. బాక్స్ లోపలికి సరిగ్గా సరిపోయే సైజు కేక్ బోర్డు, బోర్డు కింద డబుల్ సైడ్ టేప్, బాక్స్‌ని ఇంకో పెద్ద అట్టపెట్టెలో పెట్టి పక్కన ఐస్ జెల్ ప్యాక్. పెట్టెని ఫుట్‌బోర్డు మీద పెట్టాలి. హుక్‌కి తగిలిస్తే ఊగుతుంది, సీటు మీద పెడితే వాలుతుంది.

షూటింగ్ విషయానికొస్తే, ఫోన్‌ని స్కూటీ హ్యాండిల్‌కి బిగించి తీయొద్దు. ఇంజిన్ కుదుపులు కెమెరాలోని ఆప్టికల్ స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ భాగాలని దెబ్బతీయొచ్చని యాపిల్ 2021లోనే ఐఫోన్ వాడేవాళ్లని హెచ్చరించింది. మోపెడ్లు, స్కూటర్ల మీద అయినా కుదుపు తగ్గించే మౌంట్ వాడమని చెప్పింది. కదిలే లెన్స్ భాగాలు ఉన్న ఫోన్ ఏదైనా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. నడిపేవాళ్లు ఫోన్ పట్టుకోవడం అసలే వద్దు. మేం చేసింది సింపుల్. బయల్దేరేముందు ఫుట్‌బోర్డు మీద బాక్స్‌ని రెండు సెకన్లు తీశాం. ఊరు దాటాక నేను ముందు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను, అన్నయ్య స్కూటీ నా ముందు నుంచి వెళ్లింది. అది రెండు సెకన్లు. ముప్పావు గంట దారి చెప్పడానికి అంతకన్నా అక్కర్లేదు.

*గుమ్మం:* బెల్ కొట్టకముందే రికార్డ్ ఆన్ చేయండి. బాక్స్ తెరవడం నుంచి కేక్ పూర్తిగా కనపడేదాకా మధ్యలో ఒక్క కట్ కూడా ఉండకూడదు. ఇక్కడ కట్ పడితే "మధ్యలో సర్దేసి ఉంటారు" అన్న అనుమానం వస్తుంది. చివరి రెండు సెకన్లు ఫోన్ కదపకుండా పట్టుకోండి, ఆర్డర్ వివరాలు అక్కడే పడతాయి.

వాయిస్: సెకనుకి రెండు మాటలు మించొద్దు

తెలుగు మాటలు పొడుగు. 'జారిపోతుంది' ఒక్క మాటలోనే ఐదు అక్షరాలు పలకాలి. అందుకే సెకనుకి రెండు మాటలు అన్నది పైలెక్క. 30 సెకన్లకి 60 మాటలు పడతాయి, కానీ మా స్క్రిప్ట్‌లో ఉన్నవి 36 మాత్రమే. ఓవెన్, స్క్రేపర్, టేప్ షాట్లలో మాటలు లేవు, అక్కడ అసలు చప్పుడు వినపడుతుంది. ఆ గ్యాప్ లేకపోతే వదిన గొంతు వార్తలు చదివినట్టు ఉండేది.

ఎడిటింగ్‌కి ముందే ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టుకుని టేబుల్ చూస్తూ ఒకసారి గట్టిగా చదవండి. మాట ఆ షాట్ సెకన్లలో పట్టకపోతే స్పీడ్ పెంచొద్దు, ఒక మాట తీసేయండి. వాయిస్ విడిగా రికార్డ్ చేయాలి. ఫ్యాన్ ఆపేసి, బట్టల బీరువా తలుపు తెరిచి దాని ముందు కూర్చుని చదివితే గది మోత తగ్గుతుంది.

టెక్స్ట్, పాట, లొకేషన్

రీల్స్‌లో ఫ్రేమ్ అడుగున దాదాపు మూడో వంతు అకౌంట్ పేరు, క్యాప్షన్, బటన్ల కింద పోతుంది. పైన కూడా కొంత పోతుంది. కాబట్టి టెక్స్ట్‌ని మధ్యకి కొంచెం పైన పెట్టండి. చివరి షాట్‌లో మూడే విషయాలు రాశాం: దేవరాపల్లి – చోడవరం డెలివరీ, రెండు రోజుల ముందు ఆర్డర్, వాట్సాప్ నంబర్. రేట్లు, ఎగ్‌లెస్ ఉందా లేదా, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబర్, ఇవన్నీ క్యాప్షన్‌లోకి వెళ్లాయి. నాలుగు సెకన్లలో అంత ఎవరూ చదవలేరు.

సినిమా పాట పెట్టాలని వదినకి ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ అకౌంట్లకి సినిమా పాటలు చాలావరకు దొరకవు. పర్సనల్ అకౌంట్‌లో దొరుకుతాయి కదా అని వ్యాపారం వీడియోకి వాడితే తర్వాత సౌండ్ తీసేసే అవకాశం ఉంది. మెటా సౌండ్ కలెక్షన్‌లో ఉన్న ఒక మెత్తటి ట్యూన్‌ని వాయిస్ కింద చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టాం.

లొకేషన్ ట్యాగ్ దగ్గర తొందరపడకండి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఈ దేవరాపల్లి విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. తూర్పు గోదావరి జిల్లాలో దేవరపల్లి అని ఇంకో మండలం ఉంది. ఇంగ్లిష్‌లో వెతికితే రెండూ దాదాపు ఒకేలా వస్తాయి. తప్పు ఊరు పడితే కేక్ తీసుకెళ్లలేని చోటి వాళ్లకి వీడియో చేరుతుంది. ఎక్కువ మంది చూస్తారని విశాఖ ట్యాగ్ పెట్టినా అంతే. కొత్త కస్టమర్లు కావాల్సింది చోడవరంలో కాబట్టి మేం చోడవరం ట్యాగ్ పెట్టాం.

కేక్ కొంచెం నలిగితే?

చోడవరంలో బాక్స్ తెరిచినప్పుడు కేక్ నిలబడే ఉంది, పేరు చెక్కుచెదరలేదు. ఒక పక్క కింది అంచున మాత్రం క్రీమ్ గోరంత నలిగింది. కస్టమర్ దాన్ని గమనించినట్టు కూడా లేదు. వీడియోలో మాత్రం కనపడుతుంది. వదిన ఆ అంచు కనపడకుండా క్రాప్ చేద్దామంది. క్రాప్ చేస్తే ఆ షాట్‌లో కేక్ సగమే మిగులుతుంది, కట్ లేకుండా తీసిన లాభం పోతుంది. ముప్పావు గంట దారి తర్వాత గోరంత గీతే పడింది అన్నది కూడా ఒక జవాబే అని మాట్లాడుకుని అలాగే ఉంచేశాం.

నిజంగా కేక్ కూలిపోతే మాత్రం రీల్ వేయకండి, వేరే కేక్ షాట్ తెచ్చి అతికించకండి. అట్టపెట్టెలో చిన్న పైపింగ్ బ్యాగ్‌లో కొంచెం క్రీమ్, ఒక పాలెట్ నైఫ్ పెట్టుకుంటే గుమ్మానికి ముందే చిన్న చిన్న రిపేర్లు చేసుకోవచ్చు. ఆ రోజు కెమెరా ఆపేసి ముందు ఆ పని చూసుకోండి. రీల్‌ని తర్వాతి ఆర్డర్‌తో తీయొచ్చు, కానీ ఆ పాప పుట్టినరోజు ఆ సాయంత్రమే.